డోసు లెక్కల పరీక్షకి ముందురోజు కాగితంలో ఏముండాలి, ఏం తీసేయాలి: ఒక పర్లాకిమిడి అమ్మాయి కేసు

బరంపురంలో నర్సింగ్ పిల్లలకి క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను, అంతకుముందు వార్డులో స్టాఫ్ నర్సుని. మా దగ్గరికి జీఎన్‌ఎం మొదటి సంవత్సరంలో చేరే వాళ్లలో గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు పిల్లలు బాగానే ఉంటారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఇక్కడికొచ్చాక పుస్తకాలన్నీ ఇంగ్లీషు. నర్సింగ్ ఫౌండేషన్ పేపర్లో వీళ్లని ఎక్కువ భయపెట్టేది మందు డోసు లెక్కలే. పర్లాకిమిడి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇంటర్నల్ పరీక్షకి ముందురోజు ఒక రివిజన్ కాగితం తెచ్చి చూపించింది. దాన్ని ఎలా మార్చామో, ఎందుకు మార్చామో వివరంగా రాస్తున్నాను.

కాగితం అన్నానుగానీ అది నాలుగు పేజీలు, రెండు వైపులా, చీమల్లాంటి అక్షరాలు. మొదటి పేజీలో ఫార్ములాలు ఏడో ఎనిమిదో ఉన్నాయి, వాటిలో సగం ఒకే ఫార్ములాకి వేర్వేరు రూపాలు. మాత్రలకి ఒకటి, సిరప్‌కి ఒకటి, ఇంజెక్షన్‌కి ఒకటి, ఒక త్రికోణం బొమ్మ, దాని పక్కన నిష్పత్తి పద్ధతి. రెండో పేజీలో టీస్పూన్, టేబుల్‌స్పూన్ కొలతలతో పాటు ఏదో పాత గైడ్‌లోంచి ఎత్తిన, గ్రెయిన్లు అనే పాత తూకం లెక్క. తర్వాత మందుల పేర్లు, వాటి డోసులు, రక్తపరీక్షల నార్మల్ విలువలు. చివర ఇరవై దాకా చేసిన లెక్కలు, జవాబులతో సహా. రంగు పెన్నులతో అండర్‌లైన్లు కూడా ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

"ఎన్నిసార్లు చదివావమ్మా ఇది?" అని అడిగాను. "చదువుతూనే ఉన్నాను మేడం, చదివినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది" అంది.

పెరగక ఏం చేస్తుంది? తనకి వచ్చినదీ రానిదీ పరీక్షలో అడగనిదీ అన్నీ ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కనే ఉంటే, ఏది చూడాలో తెలియక కన్ను ప్రతి లైను దగ్గరా ఆగుతుంది, ఆగిన ప్రతిచోటా ఇది వచ్చా రాదా అన్న అనుమానం మొదలవుతుంది. అందుకే ఆ నాలుగు పేజీల్ని సరిదిద్దే పని పెట్టుకోలేదు. పక్కన పెట్టి ఒక తెల్లకాగితం ఇచ్చాను, ఏమీ చూడకుండా మూడు లెక్కలు చేయమన్నాను. జవాబు తప్పా ఒప్పా అన్నదానికన్నా పెన్ను ఎక్కడ ఆగుతోందో చూడ్డం నాకు ముఖ్యం.

మొదటిది, 250 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఇవ్వాలి, సిరప్ 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములు ఉంది. టకటకా చేసేసింది, 10 మి.లీ. ఎక్కడా ఆగలేదు.

రెండోది, డిజాక్సిన్ 0.125 మిల్లీగ్రాములు ఇవ్వాలి, మాత్ర ఒక్కోటి 250 మైక్రోగ్రాములు. ఇక్కడ పెన్ను ఆగింది. కాసేపాగి 0.125ని 250తో భాగించి 0.0005 మాత్ర అని రాసింది. రాసి నా మొహం చూసింది. సగం మాత్ర అని రావాలి. ఫార్ములా సరిగ్గానే గుర్తుంది, అంకెల పక్కన యూనిట్లు మాత్రం రాయలేదు. ఒకటి మిల్లీగ్రాముల్లో, ఒకటి మైక్రోగ్రాముల్లో ఉన్న సంగతి అందుకే కంటికి కనపడలేదు. యూనిట్ మార్చమంటే వెయ్యితో గుణించాలా భాగించాలా అన్నదగ్గర మళ్లీ తడబడింది.

మూడోది, 500 మి.లీ. నార్మల్ సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలి, డ్రాప్ ఫాక్టర్ 20, అంటే ఒక మి.లీ.కి 20 చుక్కలు, నిమిషానికి ఎన్ని చుక్కలు? 500ని 20తో గుణించి 4తో భాగించి 2500 అని రాసింది. గంటల్ని నిమిషాలు చేయలేదు. 240తో భాగిస్తే 41.67 వస్తుంది, అంటే 42 చుక్కలు. నిమిషానికి 2500 చుక్కలంటే అది చుక్కలు కాదు, ధార. వార్డులో సెలైన్ కింద నిలబడి చుక్కలు లెక్కపెట్టిన పిల్లే ఇది, అయినా కాగితం మీద ఆ అంకె తనకి వింతగా అనిపించలేదు. భయంలో ఉన్నప్పుడు అంకె వచ్చింది కదా, ఇక చాలు అనిపిస్తుంది.

పావుగంటలో తేలింది ఇదీ. మూల ఫార్ములా వచ్చు. జారిపోతున్నవి యూనిట్ మార్పు, గంటలు నిమిషాలు చేయడం, వచ్చిన జవాబు నమ్మదగిందా అని చూసుకోవడం. విచిత్రం ఏంటంటే ఆ నాలుగు పేజీల్లో ఫార్ములాలు ఏడెనిమిది సార్లు ఉన్నాయి, ఈ మూడింటి గురించి ఒక్క ముక్క లేదు. భయపడే పిల్లలు కాగితంలో సాధారణంగా వచ్చినవే రాసుకుంటారు, రాస్తుంటే చేతికి హాయిగా ఉంటుంది కాబట్టి. ముందురోజు కాగితంలో ఉండాల్సింది మాత్రం ఆ పిల్ల చేతిలోంచి జారిపోయేవి. కాబట్టి ఇద్దరి కాగితాలు ఒకేలా ఉండవు, పక్క బెంచీ వాళ్లది జిరాక్స్ తీసుకుంటే పనికిరాదు.

ఇంకో రెండు చిన్న లెక్కలిచ్చి, అక్కడ దొరికినవి కూడా కలిపి ఒక పేజీకి ఒకే వైపు రాయించాను. అందులో ఉన్నది ఇంతే:

```
ప్రతి అంకె పక్కన యూనిట్ రాయి
1 గ్రా = 1000 మి.గ్రా   1 మి.గ్రా = 1000 మైక్రోగ్రా
0.125 మి.గ్రా = 125 మైక్రోగ్రా
(ఇవ్వాల్సింది ÷ ఉన్నది) × ఎన్ని మి.లీ.లో ఉంది
చుక్కలు/నిమిషం = (మి.లీ × డ్రాప్ ఫాక్టర్) ÷ నిమిషాలు
కేజీ లెక్క: రోజుకా? డోసుకా?
1:1000 = 1 మి.లీ.లో 1 మి.గ్రా
0.5 రాయి, .5 వద్దు    5 రాయి, 5.0 వద్దు
జవాబు చూడు: మాత్రలు 3 దాటాయా? చుక్కలు 100 దాటాయా?
```

యూనిట్ మార్పుకి నియమం బదులు తను తప్పు చేసిన అంకెనే రాయించాను. "పెద్ద యూనిట్ నుంచి చిన్న యూనిట్‌కి వెళ్తే గుణించాలి" అని రాసుకుంటే పరీక్ష హాల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అన్నదగ్గర మళ్లీ ఆలోచన మొదలవుతుంది. 0.125 మిల్లీగ్రాములంటే 125 మైక్రోగ్రాములు అన్న ఒక్క ఉదాహరణ నోటికొస్తే దిశ దానంతటదే తెలుస్తుంది, దశాంశ బిందువు మూడు స్థానాలు కుడికి జరిగిందని కళ్లకి కనపడుతుంది. తను తప్పు చేసిన లెక్క కాబట్టి మర్చిపోదు కూడా.

ఫార్ములా ఒక్కటే ఉంచాను. మాత్రలకి, సిరప్‌కి, ఇంజెక్షన్‌కి అదే సరిపోతుంది. మాత్రలైతే చివరి ముక్క దగ్గర మి.లీ. బదులు ఒక మాత్ర అనుకోవాలి, అంతే. త్రికోణం బొమ్మ కొట్టేయిస్తుంటే అమ్మాయి కొంచెం బాధపడింది. ఆ బొమ్మ తప్పేం కాదు, అలవాటున్న వాళ్లు హాయిగా వాడుకోవచ్చు. కానీ ఒకే పనికి మూడు దారులు కాగితం మీద ఉంటే హాల్లో లెక్క మొదలుపెట్టే ముందు ఏ దారి అన్న నిర్ణయం ఒకటి అదనంగా చేయాలి. ఈ పిల్ల ఖాళీ కాగితం మీద తనంతట తాను ఏ పద్ధతిలో చేసిందో దాన్నే ఉంచి మిగతావి తీసేశాం.

చుక్కల లైన్లో గంటలు అన్న మాటే లేకుండా చూశాను. "గంటలు × 60" అని రాసుకునే పిల్లలు ఆ 60ని మర్చిపోతుంటారు. కింద నిమిషాలు అనే ఉంటే, ప్రశ్నలో గంటలు కనపడగానే ఏదో సరిపోలలేదని తెలుస్తుంది. డ్రాప్ ఫాక్టర్‌కి అంకె రాయలేదు. ఐవీ సెట్‌ని బట్టి అది మారుతుంది, మామూలు సెట్లలో 20 ఉండొచ్చు, 15 ఉండొచ్చు, ప్యాకెట్ మీద ముద్రించి ఉంటుంది, పరీక్షలోనైతే ప్రశ్నలో ఇస్తారు. కాగితంలో 20 అని రాసుకుంటే ప్రశ్నలో 15 ఇచ్చినా చెయ్యి 20 వేసేస్తుంది. ఒకవేళ ప్రశ్నలో ఇవ్వకపోతే క్లాసులో వాడింది తీసుకుని, "డ్రాప్ ఫాక్టర్ 20 అనుకుని" అని జవాబులో ఒక మాట రాయమన్నాను. మైక్రోడ్రిప్ సెట్‌లో మి.లీ.కి 60 చుక్కలు కాబట్టి గంటకి ఎన్ని మి.లీ.నో నిమిషానికి అన్ని చుక్కలు, 100 మి.లీ. ఐదు గంటల్లో అంటే గంటకి 20 మి.లీ., నిమిషానికి 20 చుక్కలు. ఇది తనకి బాగా వచ్చు, అడగ్గానే చెప్పింది. వచ్చింది కాబట్టే కాగితంలోకి రానివ్వలేదు.

"రోజుకా, డోసుకా" అన్నది నేను అదనంగా ఇచ్చిన లెక్కలో దొరికింది. పది కేజీల బిడ్డకి కేజీకి రోజుకి 30 మిల్లీగ్రాముల చొప్పున అమాక్సిసిలిన్, మూడు డోసులుగా ఇవ్వాలి, సిరప్ 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములు అన్నాను. 300 మిల్లీగ్రాములు, అంటే 12 మి.లీ. అని ఆగిపోయింది. అది రోజు మొత్తానికి. మూడుతో భాగిస్తే డోసుకి 100 మిల్లీగ్రాములు, 4 మి.లీ. అదే పారాసిటమాల్ అయితే కేజీకి 15 మిల్లీగ్రాములు అన్నది ఒక్క డోసుకి చెప్పేది, 12 కేజీల బిడ్డకి 180 మిల్లీగ్రాములు, 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములు ఉన్న సిరప్‌లో 7.5 మి.లీ., అక్కడ భాగించడం ఉండదు. రెండు లెక్కలూ పైకి ఒకేలా కనపడతాయి. అందుకే దీనికి సూత్రం రాయించలేదు, ఒక ప్రశ్న రాయించాను. ప్రశ్నపత్రంలో కేజీ అన్న మాట కనపడగానే తనకి తాను వేసుకోవాల్సిన ప్రశ్న అది.

అడ్రినలిన్ 1:1000 అంటే 1000 మి.లీ.లో 1 గ్రాము, అంటే మి.లీ.కి 1 మిల్లీగ్రాము. ఇది ప్రతిసారీ కొత్తగా ఆలోచించి రాబట్టుకుంటోంది, సమయం పోతోంది, అందుకని ఉంచాం. 1:10000 అయితే దానిలో పదో వంతని తనే చెప్పగలిగింది, ఆ లైను వద్దన్నాను. ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ 500 మి.లీ.లో ఎంత గ్లూకోజు అంటే 25 గ్రాములని తడుముకోకుండా చెప్పింది, అదీ పోయింది. ఇన్సులిన్ గురించి పాత కాగితంలో అరపేజీ ఉంది. యు-40 మందుకి, అంటే మి.లీ.కి 40 యూనిట్లు ఉన్నదానికి, యు-40 సిరంజి వాడితే యూనిట్లు సిరంజి మీదే చదువుకోవచ్చు, లెక్కే ఉండదు, యు-100 మందుకి యు-100 సిరంజి వాడాలి, ఆ రెండూ కలపకూడదన్నదే అసలు విషయం. అది తనకి వార్డులో బుర్రకెక్కేసింది. అరపేజీ కొట్టేశాం.

సున్నాల లైను మార్కుల కోసం కూడా, వార్డు కోసం కూడా. .5 అని రాస్తే బిందువు సరిగ్గా పడకపోతే 5 అని చదువుతారు, 5.0 అని రాస్తే 50 అని చదువుతారు, రెండుచోట్లా డోసు పదింతలవుతుంది. యూనిట్లు అన్న మాటని పూర్తిగా రాయకుండా యు అక్షరం ఒక్కటే పెడితే అది సున్నాలా కనపడే ప్రమాదం కూడా ఇలాంటిదే. దిద్దేవాళ్లు నర్సులే కాబట్టి ఇవి వాళ్ల కళ్లకి మొదట కనపడతాయి.

చివరి లైను గురించి ఒక మాట చెప్పాలి. మాత్రలు మూడు దాటడం, మామూలు సెట్‌తో చుక్కలు వంద దాటడం తప్పని కాదు, నిజంగా దాటే సందర్భాలు ఉంటాయి. దాటితే ఒకసారి వెనక్కెళ్లి యూనిట్లు, నిమిషాలు చూడాలని మాత్రమే. 2500 చుక్కలు దీనికి దొరికిపోతుంది. కానీ 0.0005 మాత్ర దొరకదు, ఎందుకంటే ఈ హద్దులు రెండూ పైవైపువే. కింద హద్దు కూడా రాద్దామంటే అమ్మాయే అంది, "పావు మాత్ర కన్నా తక్కువ ఎలా ఇస్తాం మేడం, విరగదు కదా" అని. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది, ఇక కాగితంతో పనేముంది?

తీసేసిన వాటిలో నార్మల్ విలువలు, మందుల పేర్లు డోసులు, గ్రెయిన్లు ఉన్నాయి. డోసు లెక్కలో మందు బలం ప్రశ్నలోనే ఇస్తారు, బయటి నుంచి తెచ్చుకోవాల్సిన పనిలేదు. గ్రెయిన్ల లెక్క మా క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు, పరీక్ష ముందురోజు దాన్ని చూడ్డం అంటే ఇంకో కొత్త భయాన్ని కొనితెచ్చుకోవడమే. చేసేసిన ఇరవై లెక్కల్నీ తీసేయించడం కష్టమైంది. "అవి చూసుకుంటే ధైర్యంగా ఉంటుంది" అంది. ఉంటుంది, ఎందుకంటే జవాబు పక్కనే ఉంటే ప్రతి అడుగూ తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ ఇరవైలోంచి నాలుగు ఎంచి, జవాబు లేకుండా ప్రశ్న మాత్రం వేరే చీటీ మీద రాసుకోమన్నాను. జవాబులు చీటీ వెనక. ఆ నాలుగూ ఒక్కో జారే చోటుకి ఒకటి, కొత్త లెక్క ఒక్కటీ లేదు. ముందురోజు సాయంత్రం కొత్త లెక్క చేసి అది తప్పయితే దాన్ని సరిచేసుకునే సమయం ఉండదు, దిగులు మాత్రం రాత్రంతా ఉంటుంది.

భాష గురించి కూడా అడిగింది, ఇంగ్లీషులో రాసుకోవాలా అని. ఈ పిల్ల ఎక్కాలు ఒడియాలో నేర్చుకుంది, లోపల ఇప్పటికీ ఒడియాలోనే గుణిస్తుంది. ఆలోచన తెలుగులో నడుస్తుంది. కాగితంలో మాటలు తెలుగులో రాసుకోమన్నాను, యూనిట్ల గుర్తులు మాత్రం ప్రశ్నపత్రంలో ఎలా ఉంటాయో అలాగే ఇంగ్లీషులో. పైన నేను చదవడానికి వీలుగా తెలుగులోకి మార్చి ఇచ్చాను. ఒడియాలో ఎక్కాలు అప్పజెప్పుకుంటే ఎవరూ తప్పు పట్టరు, జవాబు పత్రంలో అంకెలే కదా కనపడేది.

కాగితం తయారయ్యాక దాన్ని చదువుకోవద్దని చెప్పాను. మూసిపెట్టి, ఖాళీ కాగితం మీద ఆ లైన్లు గుర్తున్నంత వరకు రాసి, తర్వాత తెరిచి పోల్చుకోవాలి. తప్పిన లైను పక్కన చిన్న గీత. సాయంత్రం ఒకసారి, అన్నం తిన్నాక చీటీలోని నాలుగు లెక్కలు, పడుకునే ముందు గీత పడిన లైన్లు మాత్రం ఇంకోసారి. పొద్దున్న హాలుకి వెళ్లేముందు ఒక్కసారి చూసి బ్యాగులో పెట్టేయాలి, గేటు దగ్గర స్నేహితురాళ్లతో పోల్చుకోకూడదు. ప్రశ్నపత్రం చేతికి రాగానే అనుమతిస్తే జవాబు పత్రం చివరి పేజీలో రఫ్ వర్క్ అని రాసి యూనిట్ లైను, చుక్కల లైను ముందే వేసుకోమన్నాను. వణుకు ఎక్కువయ్యేది లెక్క మధ్యలో, అప్పుడు గుర్తు తెచ్చుకునే కన్నా ముందే కళ్లెదురుగా ఉంటే నయం.

ఈ పద్ధతి ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. దశాంశాల భాగహారమే రాని పిల్లలకి ఏ కాగితమూ సాయం చేయదు. ఖాళీ కాగితం పరీక్షలో పెన్ను మొదటి లెక్క దగ్గరే, 250ని 125తో భాగించే చోటే ఆగితే, అది ముందురోజు చేయగలిగిన పని కాదు. అలాంటివాళ్లకి ఆ పేపర్లోని మిగతా ప్రశ్నలు, మందు ఇచ్చేటప్పుడు పాటించాల్సిన ఆరు హక్కులు, ఇంజెక్షన్ స్థలాలు లాంటివి చదువుకోమని చెప్పి, లెక్కలు పరీక్ష తర్వాత మొదటి నుంచి మొదలుపెడతాను. అలాగే బెడ్ మేకింగ్, ఆసెప్సిస్ లాంటి వివరణ ప్రశ్నలకి ఈ రకం కాగితం కుదరదు, వాటికి శీర్షికల క్రమం కావాలి, అది వేరే పని.

పరీక్షలో లెక్కలన్నీ చేసింది. మైక్రోగ్రాముల లెక్క సరిగ్గా వచ్చింది, చుక్కల లెక్కలో గంటలు నిమిషాలయ్యాయి. ఒకచోట అర మార్కు పోయింది, నిమిషానికి 41.6 చుక్కలు అని రాసి వదిలేసింది. అర చుక్క, ముప్పావు చుక్క లెక్కపెట్టలేం కాబట్టి దగ్గరి పూర్ణాంకానికి, అంటే 42కి సవరించాలి. ముందురోజు లెక్కలో 2500 దగ్గరే ఆగాం కాబట్టి ఈ జారుడు అప్పుడు బయటపడలేదు. తర్వాతి ఇంటర్నల్‌కి తన కాగితంలో సవరణ లైను చేరింది. చుక్కలు పూర్ణాంకం, మాత్ర గీత ఉంటేనే సగం, సిరప్, ఇంజెక్షన్ అయితే సిరంజి మీద ఉన్న గీతల్ని బట్టి. దానికి చోటు కావాలని 0.125 లైను తనే కొట్టేసింది, "అది ఇక మర్చిపోను మేడం" అని.